"మోటార్ కాలిపోయింది" అని ఫోన్ వస్తే ముందు ఏం అడగాలి?

"అన్నా, దేవరకొండ దగ్గర మోటార్ రిపేర్ షాపు పెట్టి ఎనిమిది నెలలైంది. రైతు ఫోన్ చేయంగనే వాట్సాప్‌ల 14 ప్రశ్నల లిస్టు పంపుతున్న. కంపెనీ, హెచ్‌పీ, స్టేజీలు, బోరు లోతు, పైపు, కేబుల్, ఎప్పుడు దింపిండ్రు, వోల్టేజీ ఎంత, ఇట్ల అన్నీ. సగం మంది జవాబే ఇస్తలేరు. ఇచ్చినోళ్లు 'ఔ సార్' అని ఒక్క మాట పెడుతున్నరు. అడగకుంట పోతే సామాను తప్పు తీస్కపోతున్న. ఏం అడగాలె, ఏం ఇడిసిపెట్టాలె?"

తమ్మీ, నీ లిస్టులో పనికిరాని ప్రశ్న ఒక్కటీ లేదు. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు నీకు కావాల్సినవే. కాకపోతే అందులో బండి తీసేముందు కావాల్సినవి రెండు, మహా అయితే మూడు. మిగతావి దారిలో తెలుస్తాయి, బోరు దగ్గర తెలుస్తాయి, లేదా మోటార్ బయటికి వచ్చి నేల మీద పడుకున్నాక దాని పేరు పలకే చెబుతుంది. నల్గొండ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి, నేను ఎలా ఏరుకుంటానో చెబుతా.

ముందు రైతు వైపు నుంచి చూడు. పొద్దున ఏడు గంటలకు నీ మెసేజ్ చేరింది. మనిషి బత్తాయి తోటలోనో వరి మడి గట్టు మీదో నిలబడి ఉన్నాడు. ఎండలు ముదిరిన రోజులు, రెండు రోజులు నీళ్లు ఆగితే పిందె రాలుతుందని ఒకటే టెన్షన్. నీ 14 ప్రశ్నలకు జవాబులు ఒక్క చోట లేవు. స్టార్టర్ ఏం చేస్తుందో కళ్ల ముందే ఉంది. ఆంప్స్ మీటర్ ముల్లు ఎంత చూపిస్తుందో తెలియాలంటే ప్యానెల్ దాకా నడవాలి. ఎప్పుడు కొన్నారో ఇంట్లో కవర్‌లో పెట్టిన బిల్లు మీద ఉంది. స్టేజీలు ఎన్నో ఆ మోటార్ దింపిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు. అంటే నువ్వు అడిగింది 14 ప్రశ్నలు కాదు, నాలుగు చోట్లకు తిరుగుడు. అందులో ఒక్కటి తెలియకపోయినా మనిషి అక్కడే ఆగిపోతాడు, తెలిసినవి కూడా పంపడు. "అన్నీ కనుక్కొని ఒక్కసారే పెడతా" అనుకుంటాడు. ఆ ఒక్కసారి రాదు. మధ్యాహ్నానికి వేరే మెకానిక్ బోరు దగ్గర ఉంటాడు.

ఫోన్‌లో వరసపెట్టి అడిగినా అంతే. మనిషి మనసులో ఒకేసారి పట్టుకోగలిగేవి నాలుగు విషయాల దాకానే అని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో రాశాడు. అది చదవకముందే మన పనిలో నాకు అర్థమైంది. ఐదు ప్రశ్నలు గుక్కతిప్పుకోకుండా అడిగితే ఏదో ఒక్క దానికి జవాబు వస్తుంది, మిగతా నాలుగూ గాలిలో కలిసిపోతాయి. ఆ జవాబు నేను అడిగిన దేనికో నేనే మళ్లీ గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చేది.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరూ బయటికి అనరు. "వోల్టేజీ తక్కువున్నప్పుడు నడిపిండ్రా?", "నీళ్లు లేకుండా నడిచిందా?", "ఇంతకుముందు ఎవరు రిపేర్ చేసిండ్రు?" అని వరసగా అడిగితే రైతు చెవికి అవి ప్రశ్నలుగా వినపడవు. తప్పు నాదే అని తేల్చి, బిల్లు పెంచడానికి దారి వేస్తున్నాడు అనుకుంటాడు. అందుకే "ఔ సార్" వస్తుంది. ఆ "ఔ" అంటే జవాబు కాదు, మర్యాద. దాన్ని నమ్మి సామాను కట్టుకొని పోతే ఏమవుతుందో నువ్వు ఇప్పటికే చూశావు.

ఇక ఏరుకునే పద్ధతి. ప్రశ్నలతో మొదలుపెట్టకు. ఈ ఫోన్ అయ్యాక నువ్వు చేయగలిగిన పనులు ఎన్నో ముందు లెక్కపెట్టు. త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్‌కు నాకు తేలినవి మూడే. ఒకటి, నేను పోవాల్సిన పనే లేదు, అది లైన్‌మన్ పని. రెండు, నేను ఒక్కణ్నే సంచి వేసుకొని పోతే చాలు, తప్పు పైన స్టార్టర్‌లోనో ప్యానెల్‌లోనో ఉంది. మూడు, మోటార్ లాగాలి, అంటే లాగే బండి కావాలి, నలుగురు మనుషులు కావాలి, రోజంతా పోతుంది. ఈ మూడింట్లో ఏదో తేల్చే ప్రశ్నే ఇప్పటి ప్రశ్న. నీ లిస్టులో ఒక్కో ప్రశ్న తీసుకో, దానికి రాగల జవాబులు మనసులో అనుకో. ఏ జవాబు వచ్చినా నువ్వు చేసే పని అదే అయితే ఆ ప్రశ్న ఇప్పుడు అడగకు.

కంపెనీ ఏది? ఏది చెప్పినా నువ్వు ఎక్కే బండి మారదు. స్టేజీలు? లాగేదాకా అక్కర్లేదు. వారంటీ ఉందా? మోటార్ విప్పేముందు తెలిస్తే చాలు. బోరు లోతు? లాగాలని తేలాకే. నీ 14లో ఇలా పది ఎగిరిపోతాయి.

మిగిలిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ దారులు మూసేది ఏదో దాన్ని ముందు అడుగు. నా మొదటి ప్రశ్న ఇరవై ఏళ్లుగా ఒకటే: "బటన్ వత్తితే ఏమైతున్నది? చప్పుడే లేదా, పట్టుకొని కొట్టేస్తుందా, నడుస్తుంది కాని నీళ్లు వస్తలేవా?" ఇందులో ఔ, కాదు అనడానికి చోటు లేదు. మూడింట్లో ఒకటి ఎంచుకొని చెప్పాల్సిందే. పైగా మాటలు రైతువే. "నో వోల్ట్ కాయిల్ ఎనర్జైజ్ అవుతుందా" అంటే ఎవరికీ తెలియదు. "స్టార్టర్ పట్టుకుంటుందా" అంటే పదేళ్ల పిల్లవాడు కూడా చెబుతాడు.

చప్పుడే లేదంటే దాదాపుగా మోటార్ లాగే పని కాదు. కరెంటు రాకపోవడమో, రిలే కొట్టేసి రీసెట్ చేయకపోవడమో, కాయిల్ పోవడమో. నడుస్తుంది కాని నీళ్లు రావట్లేదంటే వైండింగ్ బాగానే ఉన్నట్టు. తప్పు పైపులోనో, పంపులోనో, బోరులో నీళ్లలోనో ఉంది. పట్టుకొని కొట్టేస్తుందంటే అదే అన్నిటికంటే చిక్కు. అక్కడే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న కావాలి.

పోయిన వేసవిలో వచ్చిన ఫోన్ ఒకటి చెబుతా. చండూరు వైపు నుంచి, బత్తాయి తోట రైతు. షాపు నుంచి రానూపోనూ 60 కిలోమీటర్లు.

"సార్, మోటార్ కాలిపోయింది. జర తొందరగ రావాలె."

ఈ "కాలిపోయింది" అనే మాటను నమ్మకు, కొట్టిపారేయకు కూడా. మన దగ్గర మోటార్ ఏ కారణంతో ఆగినా కాలిపోయిందనే అంటారు. అది ఆయన తేల్చుకున్న తీర్పు. నాకు కావాల్సింది ఆయన కంటితో చూసింది.

"పెద్దాయనా, బటన్ వత్తితే ఏమైతున్నది? చప్పుడే లేదా, పట్టుకొని కొట్టేస్తుందా?"

"పట్టుకుంటది. పది లెక్కపెట్టేలోపు కొట్టేస్తది."

"ఆ పదిల ముల్లు ఎక్కడికి పోతుంది? రోజూ ఎక్కడుండేది?"

"రోజు ఎనిమిది మీద ఉండేది. ఇప్పుడు ఆ కొసకు పోయి కొట్టుకుంటుంది."

చూడు, ఇది ఒకే ప్రశ్న, కానీ రోజూ ఉండే లెక్క కూడా అడిగాను కాబట్టి హెచ్‌పీ అడగాల్సిన పని తప్పింది. త్రీ ఫేజ్‌లో హెచ్‌పీకి ఒకటిన్నర ఆంప్స్ లెక్కన 5 హెచ్‌పీకి ఏడున్నర, సబ్‌మెర్సిబుల్ కాస్త ఎక్కువ లాగుతుంది. ఎనిమిది అన్నాడంటే 5 హెచ్‌పీ. మోటార్ మీద పలక ఎక్కడో మూడు వందల అడుగుల కింద ఉంది, దాని మీద రాసింది ఆయన్ను అడిగితే ఎట్లా చెబుతాడు? ముల్లు మాత్రం రోజూ చూస్తాడు.

ఇప్పుడు ముల్లు కొసకు పోతుందంటే మోటార్ తిరగలేక కరెంటు లాగుతోంది. పంపులో ఇసుకో మట్టో పట్టి బిగుసుకుపోయి ఉండాలి, వైండింగ్ పోయి ఉండాలి, లేదా మూడు ఫేజుల్లో ఒకటి రావట్లేదు. మొదటి రెండూ లాగే పని. మూడోది లైన్‌మన్ పని. రైతు ప్యానెల్ దగ్గర నిలబడి ఎంత చూసినా ఇవి విడిపోవు, ఎందుకంటే మన ప్యానెళ్లలో ఆంప్స్ మీటర్ చాలావరకు ఒక్క ఫేజుకే ఉంటుంది. ప్యానెల్ మీద ఫేజుకొకటి వెలిగే బల్బుల మాట కూడా నమ్మలేం. పక్క పొలాల్లో అప్పటికే తిరుగుతున్న మోటార్ల వల్ల, పోయిన ఫేజు మీద కూడా కొంత వోల్టేజీ కనిపించి బల్బు మసకగా వెలుగుతుంది. రైతు "మూడూ ఎలుగుతున్నయి" అంటాడు, అబద్ధం కాదు.

అందుకే నా మూడో ప్రశ్న బోరును వదిలిపెట్టి పక్క పొలానికి పోతుంది.

"మీ ట్రాన్స్‌ఫార్మర్ మీదనే ఉన్న పక్కాయన మోటార్ ఎట్లుంది? ఇప్పుడు కొత్తగ ఆన్ చేస్తే పట్టుకుంటుందా?"

"కొత్తగ" అనే మాట అక్కడ ఊరికే లేదు. అప్పటికే తిరుగుతున్న మోటార్ ఒక ఫేజు పోయినా మూలుగుతూ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. "నడుస్తుందా" అని అడిగితే "నడుస్తుంది" అని జవాబు వస్తుంది, నేను మోసపోతాను. ఆగిన మోటార్ ఒక ఫేజు లేకుండా లేవలేదు.

ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని గట్టు మీద నుంచి కేకేశాడు. ఇటు తిరిగి, "ఆయనది గూడ పొద్దుగాల నుంచి కొట్టేస్తుందట సార్" అన్నాడు.

అయిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. "మోటార్ బంద్‌ల పెట్టుండ్రి, మళ్లీ మళ్లీ బటన్ వత్తకుండ్రి, నిజంగనే కాలుతది. లైన్‌మన్‌కు ఫోన్ చేయండ్రి. ఫ్యూజు మీద మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు" అని చెప్పి పెట్టేశాను. మొత్తం మూడు ప్రశ్నలు, మూడు నిమిషాలు కూడా కాలేదు. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి నీళ్లు పోస్తున్నాయన్నాడు. ఆ రోజు నాకు రూపాయి రాలేదు కానీ, లాగే బండి మాట్లాడుకొని పోయి, మంచి మోటార్‌ను పైకి లాగి, మళ్లీ దింపి ఉంటే ఆ ఊళ్లో మళ్లీ నా పేరు ఎవరు తలుస్తారు?

పక్కాయనది బాగానే లేచింది అని చెప్పి ఉంటే? అప్పుడూ నేరుగా లాగే బండి మాట్లాడను. ఒక్కణ్నే మెగ్గర్ పట్టుకొని పోయి, ముందు ప్యానెల్‌కు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూసి, స్టార్టర్ కాంటాక్టులు చూసి, కేబుల్ విప్పి ఇన్సులేషన్ చూస్తా. మూడు ప్రశ్నలతో అన్నీ తేలవు. అంతకు మించి ఫోన్‌లో తవ్వితే వచ్చేవి ఊహలే.

ఇందులో ఒక హద్దు ఉంది, దాన్ని ఎప్పుడూ దాటకు. రైతు నిలబడిన చోటు నుంచి కంటితో చూసి, చెవితో విని చెప్పగలిగేదే అడుగు. "ప్యానెల్ తీసి మూడు వైర్లకు టెస్టర్ పెట్టి చూడు" అని ఫోన్‌లో చెప్పే మెకానిక్‌లు ఉన్నారు. తడి కాళ్లతో మడిలో నిలబడ్డ మనిషితో ప్యానెల్ తీయించడమంటే ప్రాణాలతో ఆడుకోవడమే. ఆ జవాబు ఎంత విలువైనదైనా నాకొద్దు, అది నేను పోయి చూసుకుంటా.

మరి లోతు, పైపు, కేబుల్ ఎప్పుడు అడగాలంటావా? లాగాలని తేలాక, రెండో ఫోన్‌లో. అప్పుడు రైతుకు కూడా ఎందుకు అడుగుతున్నావో తెలుస్తుంది, కూర్చొని చెబుతాడు. ఇక్కడ కూడా ఆయన లెక్కలోనే అడుగు. "బోరు ఎన్ని అడుగులు" అంటే తవ్విన లోతు చెబుతాడు, మోటార్ ఉన్న లోతు కాదు. ఈ రెండింటికీ వంద, రెండు వందల అడుగుల తేడా కూడా ఉండొచ్చు. "ఎన్ని పైపులు దింపిండ్రు" అని అడిగితే తడుముకోకుండా "పదిహేను" అంటాడు, ఎందుకంటే ఆ రోజు పక్కన నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది ఆయనే, డబ్బులు కట్టింది ఆయనే. ఇరవై అడుగుల పైపులైతే 300 అడుగులు అని నువ్వే లెక్కేసుకో.

తక్కువ అడిగి కూడా నెత్తి మీదికి తెచ్చుకోవచ్చు, అదీ చెప్పాలి కదా. పని నేర్చుకున్న కొత్తలో, ప్రశ్నలు తగ్గించాలనే పట్టుదలతో, లాగే పనికి పైపు రకం అడగకుండా పోయాను. ఆ చుట్టుపక్కల అందరివీ ఇనుప పైపులే అనుకొని ఆ క్లాంపులే వేసుకున్నాం. తీరా చూస్తే నల్ల పైపు, ఒకే ముక్క, బోరు మూతి నుంచి కింద దాకా. క్లాంపులు పనికిరాలేదు. బండి కిరాయి నా జేబులోంచి పోయింది, రైతుకు ఇంకో రోజు నీళ్లు ఆగిపోయాయి. ఆ దెబ్బతో ఒక లెక్క పెట్టుకున్నా: ఊహ తప్పితే సంచిలోంచి ఇంకోటి తీస్తే సరిపోయేది అడగను, ఊహ తప్పితే రోజు పోయేది అడుగుతా. రిలే ఏ రేంజిదో అడగను, రెండు రకాలూ సంచిలో ఉంటాయి. పైపు రకం మాత్రం అడిగి తీరతా.

ఈ రెండింటి మధ్యలో ఉండే వాటికి ఒక ఉపాయం ఉంది. ప్రశ్నగా అడగకుండా నా ఊహను చెప్పేస్తా. "5 హెచ్‌పీ, ఇనుప పైపులు పదిహేను అనుకొని వస్తున్న. తేడా ఉంటే చెప్పుండ్రి" అని ఒక్క వాయిస్ మెసేజ్. సరిగ్గా ఉంటే ఆయన ఏమీ చేయక్కర్లేదు. తప్పుంటే మాత్రం వెంటనే ఫోన్ వస్తుంది, "అయ్యో కాదు సార్, నల్ల పైపు" అని. మనిషికి జవాబు వెతకడం కష్టం, తప్పు పట్టడం చాలా తేలిక. మా అత్తగారి ఊళ్లో కూడా అంతే, ఏం కూర వండాలి అంటే ఎవరూ చెప్పరు, వంకాయ వండుతున్నా అంటే నలుగురు లేస్తారు.

ఇక నీ వాట్సాప్ సంగతి. ఆ 14 ప్రశ్నల స్థానంలో ఒకటే పెట్టు: "ప్యానెల్ తలుపు తీయకుండ, దూరం నిలబడి, బటన్ వత్తేది 20 సెకన్ల వీడియో తీసి పంపండి. ముల్లు కనపడాలె." ఆ ఇరవై సెకన్లలో స్టార్టర్ చప్పుడు, ముల్లు, బల్బులు, కొట్టేసే ముందు ఎంతసేపు ఆగిందో, అన్నీ వస్తాయి. ఫోన్ వాడడం రాని పెద్దవాళ్లైతే ఇంట్లో పిల్లలు తీసి పంపుతారు. ముల్లు ఇప్పటికే కొసకు పోతుందని చెప్పినవాళ్లను మాత్రం వీడియో అడగకు, దానికోసం ఇంకోసారి బటన్ వత్తించడం మోటార్‌కు మంచిది కాదు.

నీళ్లు రావట్లేదు అనే ఫోన్లకు నా రెండో ప్రశ్న వేరు: "ఆగకముందు నిన్న మొన్న ఏమన్న పని అయిందా, లైన్ దగ్గర గాని, స్టార్టర్ దగ్గర గాని?" లైన్ పని జరిగి రెండు ఫేజులు అటూ ఇటూ మారితే మోటార్ ఉల్టా తిరుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి లేదా రానే రావు. ప్యానెల్ దగ్గర రెండు వైర్లు మార్చే పని, పావుగంట. పని ఏమీ జరగలేదు, నీళ్లు గాలితో కలిసి ఆగి ఆగి వస్తున్నాయి, ముల్లు రోజూ ఉండేదానికంటే తక్కువ చూపిస్తూ ఊగుతుంది అంటే బోరులో నీళ్లు దిగాయి. వేసవిలో మన దగ్గర ఇదే ఎక్కువ. అప్పుడు ఎన్ని ప్రశ్నలు అడిగినా కొత్త సంగతేమీ రాదు. మోటార్ ఆపించు, కొన్ని గంటలు ఊట ఊరనిచ్చి మళ్లీ నడిపి చూడమను.

నీ లిస్టు చింపేయకు. షాపులో వర్క్ బెంచీ పైన గోడకు అంటించు. మోటార్ లాగి తెచ్చాక పలక తుడిచి, స్టేజీలు లెక్కపెట్టి, కేబుల్ సైజు చూసి నువ్వే నింపుకో, పక్కన రైతు పేరు, ఊరు రాసుకో. వచ్చే ఏడు ఆయనే మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆ కాగితం నీ దగ్గర ఉంటే పైపు రకం కూడా అడగక్కర్లేదు.